బైబ్యాక్ చేస్తే ఈపీఎస్ పెరిగినట్టేనా?

2024లో హైదరాబాద్‌లోని అరబిందో ఫార్మా షేరుకి 1,460 రూపాయల చొప్పున, 750 కోట్లతో తన షేర్లు తానే కొని రద్దు చేసింది. 58.59 కోట్ల షేర్లు 58.08 కోట్లయ్యాయి. అమ్మనివాళ్ల షేర్లు అన్నే ఉంటాయి. కానీ వాళ్ల 1 శాతం వాటా 1.0088 శాతం అవుతుంది.

మరి ఈపీఎస్? 2023-24 లాభం సుమారు 3,170 కోట్లు, అంటే షేరుకి 54.10 రూపాయలు. లాభం మారకపోతే 54.58 అవుతుంది. అయితే ఆ 750 కోట్లు 7 శాతం వడ్డీకి ఉన్నాయనుకోండి. పన్ను పోను 39 కోట్ల ఆదాయం పోతుంది. అప్పుడు 3,131ని 58.08తో భాగిస్తే 53.91. ఈపీఎస్ తగ్గింది!

ఎందుకంటే 1,460 పెట్టి కొన్న షేరు మీద లాభం 3.7 శాతమే, పోయిన వడ్డీ 5.2 శాతం. బైబ్యాక్ వార్త వస్తే ముందు ఈ రెండూ పోల్చి చూడండి.