మొదటి పదేళ్ల లెక్క

ఆర్కిటెక్చర్, ఇంటీరియర్ డిజైన్ చదవాలనుకునేవాళ్లు చాలామంది ఒకటే అడుగుతున్నారు: "డబ్బు ఎప్పుడొస్తుంది అన్నా?" ఇవాళ ఆ లెక్కే చెబుతాను.

ముందు దారులు. ఇంటర్ ఎంపీసీ తర్వాత నాటా గానీ, జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపరు గానీ రాసి బీఆర్క్‌లో చేరాలి. చదువు 5 ఏళ్లు. తర్వాత కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైతేనే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవచ్చు. ఇది 1972 నాటి చట్టం. ఇంటీరియర్ డిజైనర్‌కు అలాంటి నమోదు అక్కర్లేదు. అందుకే అందులోకి త్వరగా రావచ్చు, పోటీ కూడా ఎక్కువ.

ఇక ఆదాయం. 30 లక్షల ఇంటికి 5 శాతం ఫీజు ఒప్పుకున్నారనుకుందాం. లక్షన్నర. వినడానికి బాగుంది. కానీ అది ఒకేసారి రాదు. ప్లాను ఓకే అయినప్పుడు కొంత, వర్కింగ్ డ్రాయింగులు ఇచ్చినప్పుడు కొంత, స్లాబ్ పడ్డాక కొంత, ఇల్లు పూర్తయ్యాక మిగతాది. ఇల్లు 18 నెలలు పడితే నెలకు 8,300 పైచిలుకు. ఇంటాయనకు బ్యాంకు లోను ఆగితే పని ఆగుతుంది, మీ ఫీజూ ఆగుతుంది. అందుకే ఏ దశకు ఎంతో ముందే కాగితం మీద రాసుకోవాలి.

అదే 10 లక్షల ఫ్లాట్ ఇంటీరియర్‌కు 8 శాతం తీసుకుంటే 80 వేలు. 4 నెలల్లో పూర్తయితే నెలకు 20 వేలు. చాలామంది కొత్త ఆర్కిటెక్టులు ఇంటీరియర్లు చేస్తూ ఆఫీసు అద్దె కట్టేది ఇందుకే.

ఇక్కడే ఒక గుంత ఉంది. డిజైన్‌తో పాటు పని మొత్తం కాంట్రాక్టు పట్టినప్పుడు చేతిలో డబ్బు బాగా ఆడుతుంది. కొత్త క్లయింటు అడ్వాన్సుతో పాత ఇంటి వడ్రంగికి కూలి ఇస్తున్నారంటే, ఖాతాలో ఎంత కనబడినా మీరు నష్టంలో ఉన్నట్టే. ఒక్కో పనికి లెక్క విడిగా రాయండి.

పేరు ఇంకా నెమ్మది. మొదటి 3 ఏళ్లు ఒకరి ఆఫీసులో డ్రాయింగులు, సైటు పని నేర్చుకోవాలి. జీతం తక్కువే. నాలుగో ఏట సొంతంగా మొదలుపెడితే మొదటి ఇల్లు ఐదో ఏటికి పూర్తవుతుంది. రెండు వానాకాలాలు గడిచినా స్లాబ్ కారకపోతే, గదుల్లో గాలి ఆడితే, అప్పుడు ఇంటాయన తన బామ్మర్దికి మీ నంబరిస్తాడు. అది ఏడో ఏడు. ఆ రెండో ఇల్లూ పూర్తయ్యేసరికి తొమ్మిదో ఏడు.

కాబట్టి ఐదో ఏట చేతిలో రెండు ఇళ్లే ఉంటే వెనకబడ్డామనుకోకండి. పాత క్లయింట్లు కొత్తవాళ్లను పంపుతున్నారా లేదా చూసుకోండి. పంపుతుంటే దారిలో ఉన్నట్టే. ఎనిమిదో ఏటికీ ఎవరూ పంపకపోతే, ఆ పాత ఇళ్లకే వెళ్లి ఏం బాగాలేదో అడగండి.