కరెంటు పోయాక ఏ ఫ్యాను తిరగాలి?

ఇన్వర్టర్ కొనడం ఒక పూట పని. షాపుకి వెళ్తాం, 900 వీఏ పెట్టె ఒకటి, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి ఆటోలో వేయించుకుని వస్తాం. అసలు పని ఆ తర్వాత గోడలో ఉంటుంది. ఏ గదిలో ఏ లైటు, ఏ ఫ్యాను ఇన్వర్టర్ మీదికి రావాలి, ఆ వైరు ఎటునుంచి ఎటు పోవాలి అనేది తేల్చుకోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, ఆయనకి ఏది సులువో అదే చేసి వెళ్తాడు. ఈ రోజు ఆ గోడలోని సంగతే మాట్లాడుకుందాం.

ముందు ఆ పెట్టె ఏం చేస్తుందో చూద్దాం. కరెంటు ఉన్నంతసేపూ అది లోపలికి వచ్చిన కరెంటునే బయటికి వదులుతూ, పక్కన బ్యాటరీని చార్జి చేస్తూ ఉంటుంది. కరెంటు పోగానే లోపల రిలే ఒకటి టక్కున మారుతుంది. బ్యాటరీలోని 12 వోల్టులు 220కి పెరిగి అదే తీగలోకి వస్తాయి. అంటే ఇన్వర్టర్ మీద ఉన్న ఫ్యానుకి కరెంటు ఎప్పుడూ ఆ పెట్టె గుండానే వస్తుంది, కరెంటు ఉన్నప్పుడు కూడా. ఈ ఒక్క మాట గుర్తుంటే ముందు చెప్పబోయేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

ఇప్పుడు ఒక ఇల్లు తీసుకుందాం. హాలు, రెండు పడక గదులు, వంటిల్లు, మెట్లు. ఇంట్లో ఒక పెద్దావిడ, భార్యాభర్తలు, ఇద్దరు చదువుకునే పిల్లలు. మే నెల సాయంత్రం గాలివాన వచ్చి ఎక్కడో చెట్టుకొమ్మ తీగల మీద పడింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ ఇంటికి ఏవి కావాలి?

మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది. మూడు ఫ్యాన్లకి 225. ఎల్‌ఈడీ బల్బులు ఆరు వేసుకుంటే ఒక 60. టీవీకి 80, వైఫై పెట్టెకి 12, ఫోన్ల చార్జింగుకి 20. మొత్తం కలిపితే 400 వాట్లకి కాస్త అటూ ఇటూ. 900 వీఏ ఇన్వర్టర్ అంటే 900 వాట్లు ఇస్తుందనుకోకండి, 700 ప్రాంతంలో ఇస్తుంది. కాబట్టి 400 హాయిగా మోస్తుంది. మరి ఎంతసేపు మోస్తుంది? బ్యాటరీ 150 ఏహెచ్, 12 వోల్టులు. రెండూ గుణిస్తే 1800 వాట్ అవర్లు. కాగితం మీద అంతే గానీ, లోడు పెరిగేకొద్దీ బ్యాటరీ ఇచ్చేది తగ్గుతుంది, ఇన్వర్టర్ కూడా తన వంతు కొంత తినేస్తుంది. మూడింట రెండు వంతులు, అంటే 1200 చేతికొస్తుందనుకోండి. 400 వాట్ల మీద మహా అయితే 3 గంటలు. అదీ కొత్త బ్యాటరీ మీద.

రాత్రి పడుకున్నాక లెక్క మారుతుంది. రెండు ఫ్యాన్లు, ఒక బెడ్‌ల్యాంపు, వైఫై కలిపి 170 వాట్లు. అప్పుడు 7 గంటలు, తెల్లారేదాకా గడిచిపోతుంది. ఆ రెండు ఫ్యాన్లూ 30 వాట్ల బీఎల్‌డీసీ రకం అయితే 12 గంటలకు పైనే లాగుతుంది. అందుకే "బ్యాటరీ చాలడం లేదు, రెండోది కొనాలా?" అని అడిగేవాళ్లకి నేను ఫ్యాన్లు మార్చుకోమనే చెబుతాను. ఆ డబ్బు బ్యాటరీలో పోస్తే నాలుగైదేళ్లకి మళ్లీ పోయాల్సిందే.

ఇక ఏవి వద్దు? గీజరు, ఏసీ, ఇస్త్రీపెట్టె, బోరు మోటారు సంగతి అందరికీ తెలుసు. చర్చంతా ఫ్రిజ్ దగ్గరే వస్తుంది. తిరుగుతున్నప్పుడు అది తినేది 150 వాట్ల లోపే అయినా, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకి 900 వీఏ పెట్టె ఓవర్‌లోడ్ అని కూత పెట్టి ఆగిపోవచ్చు. ఆగకపోయినా రాత్రి ఫ్యాన్లకు ఉంచుకున్న బ్యాటరీని అది తాగేస్తుంది. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌లో చల్లదనం 4 గంటలు నిలుస్తుంది. పాలు, పెరుగు ఎక్కడికీ పోవు. వదిలేయండి.

అందరూ మరిచిపోయేవి బాత్‌రూమ్ లైటు, మెట్ల లైటు. హాల్లో మూడు లైట్లు ఇన్వర్టర్ మీద పెట్టించుకుని, పెద్దావిడ అర్ధరాత్రి చీకట్లో బాత్‌రూమ్‌కి తడుముకుంటూ వెళ్లే ఇళ్లు నేను చాలా చూశాను. 9 వాట్ల బల్బుకి అంత పిసినారితనం దేనికి?

ఇన్వర్టర్‌ని నిజంగా ముంచేవి ఫ్యాన్లూ లైట్లూ కావు, ప్లగ్ పాయింట్లు. బోర్డులో సాకెట్ కూడా ఇన్వర్టర్ లైను మీద ఉంటే, కరెంటు పోయిందని గమనించకుండా ఎవరో ఒకరు అందులో ఇస్త్రీపెట్టె పెడతారు, మిక్సీ పెడతారు. హాల్లో టీవీకి, వైఫైకి ఒకటి, పడక గదికి ఒకటి చొప్పున చార్జింగుకి, అంతే చాలు. వంటింట్లో ఒక లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాను ఇచ్చి సాకెట్లన్నీ మామూలు లైను మీదే ఉంచండి. ఇంట్లో ఎవరికైనా నెబ్యులైజర్ అవసరమైతే ఆ గది సాకెట్ తప్పకుండా ఇన్వర్టర్ మీద ఉండాలి. ఆక్సిజన్ మిషన్ లాంటిది ఉంటే మాత్రం దాని వెనక రాసి ఉన్న వాట్లు చూసి, ఇన్వర్టర్ సైజు దాన్నిబట్టే తేల్చుకోవాలి.

ఇప్పుడు వైరు సంగతి. కొత్తగా కట్టుకునే ఇల్లయితే స్లాబు వేసేటప్పుడే ఇన్వర్టర్ పెట్టే చోటు ఖాయం చేసుకుని, అక్కడి నుంచి డీబీకి ఒక పైపు వేయించండి. డీబీలో ఇన్వర్టర్ పాయింట్లకి వేరే ఎంసీబీలు, వేరే న్యూట్రల్ పట్టీ పెట్టించండి. ఇన్వర్టర్ నుంచి అక్కడికి 2.5 స్క్వేర్ వైరు, అక్కడి నుంచి గదుల లైట్లకి 1.5 స్క్వేర్ వైరు. ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా విడిగా లాగించాలి. బోర్డులో ఇన్వర్టర్ ఫేజుకి వేరే రంగు వైరు వాడమనండి, పదేళ్ల తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్ దాన్ని చూసి మీకు దండం పెడతాడు.

పాత ఇళ్లలో అంత వీలుండదు. ఉన్న పైపులోనే ఒక్క ఫేజు వైరు తోసి, "న్యూట్రల్ కామనే కదా సార్" అంటారు. చాలా ఇన్వర్టర్లలో న్యూట్రల్ లోపలి నుంచి సూటిగా బయటికి వచ్చేస్తుంది కాబట్టి అది పనిచేస్తుంది కూడా. కానీ ఇంట్లో షాక్ తగలకుండా ఆపే ఆర్‌సీసీబీలు రెండు ఉంటే చిక్కు మొదలవుతుంది. ఫేజులో ఎంత కరెంటు వెళ్లిందో న్యూట్రల్‌లో అంతే తిరిగొచ్చిందా అని ప్రతి ఆర్‌సీసీబీ చూస్తూ ఉంటుంది. ఫలానా గది ఫ్యాను వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోందంటే, ఆ ఫ్యానుకి ఫేజు ఒక ఆర్‌సీసీబీ నుంచి వచ్చి, న్యూట్రల్ ఇంకో దాని కిందికి పోతోందేమో మొదట చూడాలి. అప్పుడు ఆర్‌సీసీబీని పీకేయించడం పరిష్కారం కాదు, న్యూట్రల్‌ని సరిచేయించడం పరిష్కారం.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇన్వర్టర్ ఫేజు, మామూలు ఫేజు ఏదో ఒక బోర్డులో కలిసిపోవడం. ఒక చిన్న ముక్క వైరు, స్విచ్ నుంచి స్విచ్‌కి వేసే లూపు, అది చాలు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఇల్లంతటినీ మోయబోయి ఓవర్‌లోడ్‌లో పడుతుంది. అంతేకాదు, ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి వీధి తీగల్లోకి ఎక్కే వీలుంటుంది. లైను ఆపేశామనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణానికే అది ముప్పు. ఇక ఇన్వర్టర్ నడుస్తుండగా కరెంటు తిరిగొచ్చిందంటే రెండూ ఎదురెదురుగా ఢీకొని పెట్టెలో సర్క్యూట్ కాలిపోతుంది. మూడు ఫేజుల మీటరు ఉన్న ఇంట్లో ఇన్వర్టర్ లైను వేరే ఫేజుతో కలిస్తే, కరెంటు ఉన్నప్పుడే 400 వోల్టుల షార్ట్ అవుతుంది.

దీనికి పరీక్ష ఉంది, చెబుతాను. అంతకన్నా ముందు చేంజోవర్ స్విచ్ గురించి. మొదట్లో అన్నాను కదా, ఇన్వర్టర్ మీది పాయింట్లకి ఎప్పుడూ ఆ పెట్టె గుండానే కరెంటు వస్తుందని. మరి పెట్టె పాడై రిపేరుకి పోతే? వీధిలో కరెంటు ఉన్నా మీ హాలు చీకటే. అందుకని డీబీ పక్కన రెండు పోళ్ల చేంజోవర్ స్విచ్ ఒకటి పెట్టించండి. ఒక వైపు ఇన్వర్టర్ నుంచి వచ్చే జత, రెండో వైపు సూటిగా మెయిన్ నుంచి వచ్చే జత, మధ్యలో ఆఫ్. ఒక దాన్ని పూర్తిగా వదిలాకే రెండోదాన్ని పట్టుకునేలా అది తయారై ఉంటుంది కాబట్టి రెండూ కలిసే ప్రశ్నే రాదు. దాని బదులు రెండు మామూలు ఎంసీబీలు పక్కపక్కన పెట్టి, "ఒకటి దించి ఒకటి ఎత్తండి" అని చెప్పే పనివాడిని మాత్రం ఒప్పుకోవద్దు. ఏదో ఒకరోజు ఎవరో రెండూ ఎత్తుతారు.

ఇక పరీక్ష. ఇన్వర్టర్ కలపకముందే, మెయిన్ ఆన్‌లో ఉంచి చేంజోవర్‌ని మధ్యలో పెట్టించండి. ఇప్పుడు ఇన్వర్టర్ మీద ఉండాల్సిన ఒక్క లైటు కూడా వెలగకూడదు, మిగతావన్నీ వెలగాలి. ఎక్కడైనా వెలిగిందా, ఏదో ఒక బోర్డులో రెండు లైన్లూ కలిశాయి, లేదా ఆ పాయింటు మామూలు లైను మీదే ఉండిపోయింది. చేంజోవర్ మధ్యలో ఉంటే న్యూట్రల్ కూడా తెగి ఉంటుంది కాబట్టి, ఫేజు ఒక్కటే కలిస్తే లైటు వెలగదు. అందుకని ఇన్వర్టర్ పాయింట్ల ఫేజుకీ మెయిన్ న్యూట్రల్‌కీ మధ్య ఒక బల్బు పెట్టి కూడా చూడమనండి, అదీ వెలగకూడదు. తప్పుంటే సరిచేయించాక ఇన్వర్టర్ కలిపించి, మోటారు, గీజరు లాంటి పెద్దవన్నీ ఆపేసి, మెయిన్ స్విచ్ దించండి. ఈసారి ఇన్వర్టర్‌వి మాత్రమే పనిచేయాలి, తక్కిన సాకెట్లన్నీ చచ్చి ఉండాలి. టెస్టర్ మసకగా వెలిగితే కంగారుపడకండి, పక్కపక్కన పోయే వైర్ల వల్ల అలా వెలుగుతుంది. హోల్డర్‌లో బల్బు పెట్టి చూస్తే నిజం తెలుస్తుంది. ఈ రెండూ మీ కళ్ల ముందు చేసి చూపించాకే ఎలక్ట్రీషియన్‌కి కూలి ఇవ్వండి.

చివరిగా ఒక మాట. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినంత మాత్రాన బోర్డు చచ్చినట్టు కాదు, బ్యాటరీ నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. ఇన్వర్టర్ ముందున్న బటన్ ఒక్కటే నొక్కినా చాలదు, మెయిన్ కరెంటు దాని గుండా పోతూనే ఉంటుంది. ఫ్యాను విప్పాలన్నా, స్విచ్ మార్చాలన్నా మెయిన్ దించాలి, చేంజోవర్‌ని మధ్యకి తేవాలి, రెండూ చేయాలి. ఈ మాటని ఒక కాగితం మీద తెలుగులో రాసి డీబీ తలుపు లోపల అంటించండి. రేపు మీరు ఊళ్లో లేనప్పుడు ఆ బోర్డు విప్పే మనిషి అది చదవాలి.