మొదటి గోల్ పందెంలో దాగిన కోత

బ్రిటన్ బుక్‌మేకర్ల దగ్గర ఒకే స్ట్రైకర్ మీద రెండు పందేలుంటాయి: ఎప్పుడైనా గోల్ కొడతాడని, మొదటి గోల్ అతనిదేనని. మ్యాచ్‌లో సగటున 2.7 గోల్స్ వస్తాయని, ఐదో వంతు అతనివని అనుకుందాం. అప్పుడు సరైన ధరలు 2.40, 5.36. బోర్డు మీద 2.25, 4.50 కనిపిస్తే, వంద పౌండ్లకు సగటు నష్టం మొదటిదానిలో ఆరు, రెండోదానిలో పదహారు.

ఎందుకింత తేడా? మొదటి గోల్ జాబితాలో ముప్పై పేర్ల దాకా ఉంటాయి, గెలిచేది ఒక్కటే. ఒక్కో ధరలో కాస్త కోత పెట్టినా అన్నీ కలిసి పెద్దదవుతుంది. పెద్ద ధర ఊరిస్తుంటే ఆ కోతను సరిచూసేవారూ తక్కువే. మీరే చూడవచ్చు: 'గోల్ లేదు'తో సహా ప్రతి ధరతో ఒకటిని భాగించి కూడండి. ఒకటికి మించినదంతా బుక్‌మేకర్‌ది. ఎప్పుడైనా గోల్ పందెంలో ఈ కూడిక పనికిరాదు, ఎందుకంటే ఒకే మ్యాచ్‌లో పలువురు గోల్ కొట్టగలరు.