సంతకానికి ముందు: ఉద్యోగపు ఉత్తరంలో మూడు మాటలు

(డిగ్రీ, ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థినులకూ, వివిధ జిల్లాల నుంచి వచ్చిన మహిళా కార్యకర్తలకూ కలిపి జరిపిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మొదటి ఉద్యోగం వచ్చిన అమ్మాయి చేతికి ఒక ఉత్తరం వస్తుంది. ఏడెనిమిది పేజీలు, అంతా ఇంగ్లీషు. ఇంట్లో అందరూ చూసేది మాత్రం అందులోని ఒక్క అంకెనే. చుట్టాలకు చెప్పేది ఆ అంకె. చదువుకోసం బ్యాంకులో అప్పు చేసి వుంటే వాయిదా ఎంత కట్టగలమో లెక్క వేసేది దానిమీదే. పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఆ అంకే నడుస్తుంది. మిగతా పేజీలు ఎవరూ చదవరు. చదవడానికి వ్యవధి కూడా వుండదు, రెండు రోజుల్లో సంతకం పెట్టి పంపమంటారు.

ఆ ఉత్తరంలోని మూడు మాటల గురించే ఇవాళ మాట్లాడతాను. కాస్ట్ టు కంపెనీ, ప్రొబేషన్, నోటీస్ పీరియడ్. ఇవి విడివిడి మాటల్లా కనిపిస్తాయి గానీ మూడూ కలిసి ఒకే పని చేస్తాయి. ఉద్యోగంలో ఏదైనా తేడా వస్తే ఆ నష్టం ఎవరు భరించాలో ముందే నిర్ణయించి పెడతాయి. ఇప్పుడు నేను చూపించబోయే ఉత్తరం మన చర్చకోసం తయారుచేసుకున్నదే. అయితే ఇందులోని షరతులు నా కల్పన కాదు. హైదరాబాదులో ప్రైవేటు కంపెనీలు కొత్తగా చేరేవాళ్లకు ఇచ్చే పత్రాల్లో మామూలుగా కనిపించేవే.

మొదటి మాట కాస్ట్ టు కంపెనీ. సీటీసీ అని పొట్టిగా అంటారు. ఆ మాటలోనే అర్థం వుంది: కంపెనీకి మీమీద ఏడాదికి అయ్యే ఖర్చు. మీకు వచ్చే జీతం అని ఎక్కడా అనలేదు. మన ఉత్తరంలో అది 3,60,000 రూపాయలు. ఇంట్లోవాళ్లు దాన్ని పన్నెండుతో భాగించి నెలకు 30,000 అనుకుంటారు. మనం చివరి పేజీలోని అనుబంధం తీసి చూద్దాం.

అందులో బేసిక్ నెలకు 15,000. దానిమీద కంపెనీ ప్రావిడెంట్ ఫండ్ కు కట్టే 12 శాతం, అంటే నెలకు 1,800, ఏడాదికి 21,600, మీ సీటీసీలోనే కలిసి వుంది. గ్రాట్యుటీ పేరుతో 8,658. ఆరోగ్య బీమా ప్రీమియం 5,742. 'వేరియబుల్ పే' అని మరో 36,000. ఈ నాలుగూ కలిపితే 72,000. వాటిని తీసేస్తే 2,88,000 మిగిలింది, అంటే నెలకు 24,000. అందులోంచి ఉద్యోగి వాటాగా ప్రావిడెంట్ ఫండ్ కు ఇంకో 1,800, తెలంగాణలో వృత్తి పన్ను 200 పోతే బ్యాంకులో పడేది 22,000. ముప్ఫై అనుకున్న చోట ఇరవై రెండు. హాస్టలు ఫీజు, బస్సు ఖర్చు, అప్పు వాయిదా అన్నీ ఈ ఇరవై రెండులోంచే రావాలి.

మిగిలిన డబ్బు పోయినట్టేనా? అన్నీ ఒకటి కావు. ప్రావిడెంట్ ఫండ్ మీదే. కంపెనీ వాటాలో కొంత పెన్షన్ పథకానికి పోతుంది, మిగతాది మీ ఖాతాలో వుంటుంది, ఉద్యోగం మారితే వెంట వస్తుంది. బీమా ప్రీమియం ఎప్పటికీ చేతికి రాదు, జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చుగా ఉపయోగపడుతుంది. చిక్కంతా గ్రాట్యుటీ, వేరియబుల్ పేల దగ్గర. రెగ్యులర్ ఉద్యోగికి ఐదేళ్లు పూర్తయితే గానీ గ్రాట్యుటీ రాదు. నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకు మాత్రం ఇప్పుడు ఏడాది సర్వీసు చాలు. వేరియబుల్ పే కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం వుంటుంది, చెల్లించే తేదీ నాటికి ఉద్యోగంలో వుండాలని. సంవత్సరమంతా పనిచేసి, చెల్లింపుకు నెల ముందు మానేస్తే 36,000లో ఒక్క రూపాయి కూడా రాకపోవచ్చు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఇరవై రెండు, ఇరవై ఐదేళ్ల వయసులో ఉద్యోగాలు మధ్యలో వదులుకునేది ఎక్కువగా ఎవరు? పెళ్లయిందని, భర్తకు బదిలీ అయిందని, బిడ్డను చూసేవాళ్లు లేరని మానేసేది ఆడవాళ్లే. వాళ్ల పేరుమీద ఏటా ఖర్చుగా రాసుకున్న గ్రాట్యుటీ వాళ్లకు చేరదు. స్త్రీలు నిలకడగా వుండరని ఫిర్యాదు చేసే యాజమాన్యాలు ఈ మిగులు సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తవు.

బేసిక్ ను చాలా తక్కువగా చూపించి అలవెన్సులు పెంచడం కంపెనీలకు పాత అలవాటు. ఎందుకంటే ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ లెక్కలు దానిమీదే ఆధారపడతాయి. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్ లు అమల్లోకి వచ్చాక అలవెన్సులు మొత్తం వేతనంలో సగానికి మించితే, మించిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కించాలి. కాబట్టి బేసిక్ సీటీసీలో సగానికి బాగా తక్కువ వుంటే ఆ పత్రం పాత పద్ధతిలో తయారైందేమో అడగాలి. అమ్మాయి హెచ్.ఆర్. వాళ్లను అడగాల్సిన ప్రశ్న చాలా చిన్నది: "కోతలన్నీ పోగా నెలకు నా ఖాతాలో ఎంత పడుతుంది?" ఫోనులో చెప్పిన జవాబు సరిపోదు, మెయిల్ లో రావాలి.

రెండో మాట ప్రొబేషన్. మన పత్రంలో ఆరు నెలలు అని వుంది. దాని వెంటనే రెండు వాక్యాలున్నాయి. కంపెనీ తన ఇష్టప్రకారం ఈ కాలాన్ని పొడిగించవచ్చు. రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేదాకా ప్రొబేషన్ లో వున్నట్టే. అంటే ఆరు నెలలు గడిచాయి కదా అని మనమంతట మనం పర్మనెంటు అనుకోవడానికి లేదు. ఆ కన్ఫర్మేషన్ ఉత్తరం పై అధికారి రాసే నివేదికను బట్టి వస్తుంది. ఆరు నెలలపాటు అమ్మాయి భవిష్యత్తు ఒక మనిషి కలం కింద వుంటుందన్నమాట. ఆ మనిషి మర్యాదస్థుడు కాకపోతే?

జిల్లాల్లో పనిచేసే మిత్రులు ఈ భాగాన్ని బాగా గుర్తుంచుకోవాలి. పనిస్థలంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం 'ఉద్యోగి' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ప్రొబేషనర్, ట్రెయినీ, అప్రెంటిస్ అని పేరు పెట్టి చేర్చింది. "ఇంకా పర్మనెంటు కాలేదు, కమిటీకి వెళ్లే హక్కు లేదు" అని ఎవరైనా అంటే అది అబద్ధం. కానీ అమ్మాయిలు చేసే పని ఏమిటి? ముందు కన్ఫర్మేషన్ రానీ, ఆ తర్వాత ఫిర్యాదు చేద్దాం అని ఓర్చుకుంటారు. ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన గడువు మూడు నెలలు, వరస సంఘటనలైతే చివరిదాని నుంచి మూడు నెలలు. తగిన కారణం చూపితే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు, అది కమిటీ చేతిలోని విషయం. ఆరు నెలల ప్రొబేషన్ లో మొదటి నెలలో జరిగినదానికి గడువు కన్ఫర్మేషన్ కన్నా ముందే ముగిసిపోతుంది.

ఆ భయానికి అదే సంవత్సరం చేసిన నియమాల్లో ఒక మార్గం వుంది. విచారణ నడుస్తున్నప్పుడు బాధితురాలు రాతపూర్వకంగా కోరితే, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఆమె పనితీరుపై నివేదిక రాయకుండా చూసి, ఆ పని వేరే అధికారికి అప్పగించమని కమిటీ యాజమాన్యానికి సిఫార్సు చేయవచ్చు. ఫిర్యాదుతోపాటే ఈ కోరికనూ రాయించాలి. నేను చూసినంతలో మనవాళ్లు రాసే ఫిర్యాదుల్లో ఇది చాలా అరుదు.

గర్భం విషయం కూడా ప్రొబేషన్ తో ముడిపడిందే. నీరా మాథుర్ కేసు మీలో కొందరికి తెలిసే వుంటుంది. ఆమె 1989లో జీవిత బీమా సంస్థలో అసిస్టెంటుగా ఆరు నెలల ప్రొబేషన్ మీద చేరింది. ప్రసూతి సెలవు తీసుకుంది. ప్రొబేషన్ లోనే ఆమెను తొలగించారు. చేరేముందు నింపిన ఫారంలో నెలసరి తేదీ గురించి తప్పు చెప్పిందని సంస్థ వాదించింది. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి తీసుకోమంది, నెలసరి, గర్భాల వివరాలు అడిగే ఆ గడులను ఫారంలోంచి తొలగించమంది. ప్రసూతి సెలవుకు చట్టం అడిగేది ప్రసవ తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజుల పని మాత్రమే. మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు. ప్రొబేషన్ పూర్తవాలనే షరతు అందులో లేదు. ఇంటర్వ్యూలో "పెళ్లెప్పుడు?" అని నవ్వుతూ అడిగే ప్రశ్న ఆ పాత ఫారంలోని గడికి చెల్లెలే.

మూడో మాట నోటీస్ పీరియడ్. ఉద్యోగం మానేస్తున్నట్టు చెప్పిన రోజు నుంచి వదిలి వెళ్లే రోజు దాకా పనిచేయాల్సిన కాలం. ఈ పేరాను రెండుసార్లు చదవాలి, ఒకసారి మీ వైపు నుంచి, ఒకసారి కంపెనీ వైపు నుంచి. మన ఉత్తరంలో ప్రొబేషన్ కాలంలో కంపెనీ తీసేయాలంటే ఏడు రోజులు చాలు, అమ్మాయి మానేయాలంటే ముప్ఫై రోజులు. కన్ఫర్మ్ అయ్యాక ఇద్దరికీ తొంభై. సమానమే కదా అనిపిస్తుంది. తర్వాతి వాక్యం చూడండి. కంపెనీ కావాలంటే మూడు నెలల బేసిక్ ఇచ్చి వెంటనే పంపించవచ్చు. ఉద్యోగి ముందుగా వెళ్లాలంటే కంపెనీ ఒప్పుకోవాలి, మూడు నెలల పూర్తి జీతం కట్టాలి. మన లెక్క ప్రకారం కంపెనీ ఇచ్చేది 45,000, అమ్మాయి కట్టేది 72,000. ఒకే తొంభై రోజులకు రెండు ధరలు.

ఇందులో ఇరుక్కునేది ఎలాగంటే, కొత్త కంపెనీ ముప్ఫై రోజుల్లో చేరమంటుంది, పాత కంపెనీ తొంభై రోజులదాకా వదలదు. మధ్యలో వెళ్లిపోతే రిలీవింగ్ లెటర్ ఇవ్వరు. అది లేకపోతే కొత్త చోట చేర్చుకోకపోవచ్చు. అందుకే కొత్త ఉద్యోగం మాట్లాడుకునేటప్పుడే మన నోటీసు ఎన్ని రోజులో చెప్పి, చేరే తేదీని రాతలో తీసుకోవాలి. మొదటి ఉద్యోగానికి సంతకం పెట్టేముందే అడగాల్సింది ఇంకొకటి వుంది: నోటీసుకు బదులు కట్టే డబ్బు బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా? అందరికీ ఒకే రకం ఫారం అంటారు. నిజమే, చాలాసార్లు మార్చరు. అయినా అడిగితే కనీసం ఎంత డబ్బు చేతిలో వుంచుకోవాలో తెలుస్తుంది.

మానేసినందుకు ఏ కోర్టూ మనిషిని తిరిగి పనిలో కూర్చోబెట్టదు. డబ్బు అడగవచ్చు, అంతే. కానీ బాండ్ రాసి ఇచ్చినవాళ్లు దాన్ని ఉత్త బెదిరింపుగా కొట్టిపారేయకూడదు. 2025లో ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు రెండు లక్షల బాండ్ ను సమర్థించింది. సర్టిఫికెట్ల విషయం వేరు. ఒరిజినల్స్ చూపించి, నకళ్లు ఇచ్చి, ఒరిజినల్స్ ఇంటికి తెచ్చుకోవాలి.

రాజీనామా చేశాక జీతం బాకీని ఇదివరకు 'ఫైనల్ సెటిల్మెంట్' పేరుతో నెలల తరబడి ఆపేవాళ్లు. ఇప్పుడు అమల్లో వున్న వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగం వదిలిన తర్వాత రెండు పనిదినాల్లో వేతనం చెల్లించాలి. రాజీనామాను నోటితో చెప్పకుండా మెయిల్ లో పంపి, చివరి పనిదినం ఏ తేదీయో అందులోనే రాయాలి. ఆ మెయిల్ నూ, నియామక పత్రాన్నీ, కన్ఫర్మేషన్ ఉత్తరాన్నీ, జీతం స్లిప్పులనూ ముందే ఇంట్లో కాగితం మీద తీసిపెట్టుకోవాలి. చివరి రోజు సాయంత్రానికి ఆఫీసు మెయిల్ మూసేస్తారు.