వెలుగు పారినంత మేర



బల్లమీద చిన్న సోలార్ పలక ఉంది. దాన్ని ఒక స్పీకరుకు కలిపాను. పక్కనున్న ఎల్‌ఈడీ బల్బుకు వెళ్లే కరెంటును నా ఫోనులోని పాట కొద్దికొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ ఉంది. కంటికి బల్బు నిలకడగానే వెలుగుతోంది, పలకకు మాత్రం పాట వినిపిస్తోంది. మధ్యలో చెయ్యి అడ్డం పెడితే పాట ఆగిపోతుంది. ఇప్పుడు పలకను ఈ హాలు పైకప్పు దీపాల వైపు తిప్పుతున్నాను. 'జుమ్‌' అని ఒక మోత వస్తోంది, విన్నారా? మన కరెంటు సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది కదా, చుట్టుకు రెండుసార్లు చొప్పున చౌక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఆ మినుకే మోతగా వినబడింది. పాట పంపే బల్బుకు ఈ దీపాలు ఇరుగుపొరుగు గోల లాంటివి. ఆ గోలను వడకట్టాలంటే పంపే సంకేతం 100 హెర్ట్జులకు చాలా పైన ఉండాలి.

దీపంతో సమాచారం పంపడమంటే ఇంతే. సంగతంతా వేగంలో ఉంది. పత్రికల్లో వచ్చే అంకెలు చూసి నేనూ మొదట్లో మోసపోయాను.

మన ఇళ్లలోని తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలి దీపం. దాని మీద పూసిన పసుపు ఫాస్ఫర్ కొంత నీలిని పసుపుగా మారుస్తుంది, రెండూ కలిసి మనకు తెలుపుగా కనిపిస్తాయి. నీలి చిప్పు చురుకైనదే, ఫాస్ఫర్ మాత్రం నిదానస్థురాలు. చిప్పు ఆరిన తరువాత కూడా కాసేపు వెలుగుతూనే ఉంటుంది. అందువల్ల మామూలు తెల్ల దీపం రెండు మూడు మెగాహెర్ట్జులకు మించి స్పష్టంగా మినకలేదు. అందుకునే చోట నీలిరంగు అద్దం పెట్టి పసుపును వదిలేస్తే ఆ హద్దు పది, ఇరవై మెగాహెర్ట్జుల దాకా జరుగుతుంది. కాంతిలో కొంత పోయినా, మిగిలినది చురుకైనదే.

కాంతి చాలదేమో అని మీకు అనుమానం రావచ్చు. లెక్క వేద్దాం. చదువుకునే బల్ల మీద 400 లక్సుల వెలుతురు ఉందనుకోండి. ఒక చదరపు సెంటీమీటరు సెన్సారు మీద పడేది మిల్లీవాటులో ఎనిమిదో వంతు. దాని నుంచి వచ్చే కరెంటు యాభై మైక్రోఆంపియర్లు. అందులో అయిదో వంతు, అంటే పది మైక్రోఆంపియర్లు, సంకేతంగా ఊగుతాయి. రెండు మెగాహెర్ట్జుల వెడల్పులో కాంతి తనంతట తాను పుట్టించే గరగర ఆరు నానోఆంపియర్లకు అటూ ఇటూ ఉంటుంది. సంకేతం దానికి వెయ్యి రెట్లకు పైమాటే. కాబట్టి మన గదిలో కొరత కాంతికి కాదు, మినికే వేగానికి. దీపం గట్టిగానే మాట్లాడుతుంది, తొందరగా మాట్లాడలేదు.

ఇంత శుభ్రమైన సంకేతం ఉంటే ఒక్కో మినుకులో ఆన్, ఆఫ్ మాత్రమే కాకుండా ఎన్నో మెట్ల వెలుతురును ఇమడ్చవచ్చు. 2010లో సీమెన్స్, బెర్లిన్‌లోని హైన్రిష్ హెర్ట్జ్ సంస్థ కలిసి తెల్ల ఎల్‌ఈడీతో అయిదు మీటర్ల దూరానికి సెకనుకు 500 మెగాబిట్లు పంపినది ఈ దారిలోనే. తరువాత 2014లో బ్రిటన్‌లో ఒక సూక్ష్మ ఎల్‌ఈడీ నుంచి సెకనుకు మూడు గిగాబిట్లు వచ్చాయి. అయితే దీపానికీ సెన్సారుకూ మధ్య దూరం అయిదు సెంటీమీటర్లు! అంకె చదివినప్పుడు దూరం కూడా అడగాలి. రికార్డు అంకెను గది అంకె అనుకుంటేనే గొడవ.

అడ్డంకులు ఇంకా ఉన్నాయి. మామూలు బల్బులో కరెంటును అందించే డ్రైవర్ లోపల వెలుతురు ఊగకుండా నునుపుచేసే కెపాసిటరు ఉంటుంది. మనం పంపే మినుకును అది మింగేస్తుంది. అందుకని కెపాసిటరు తరువాత ఎల్‌ఈడీల వరుసలో ఒక ట్రాన్సిస్టరు స్విచ్చు పెట్టాలి. ఫోను నుంచి దీపానికి తిరుగుమాట పంపడం ఇంకా కష్టం. చేతిలో తెల్ల దీపం పట్టుకుని ఎవరు కూర్చుంటారు? 2023లో వచ్చిన ఐఈఈఈ 802.11బిబి ప్రమాణం ఈ చిక్కు లేని, కంటికి కనిపించని పరారుణ కాంతిని ఎంచుకుంది. దీపాల కోసం మొదలైన కథ దీపం లేకుండా ముగిసినట్టుంది! దృశ్యకాంతికి దక్కినది నిదానపు పనులే. అయితే ఆ పనుల్లో అది రేడియోకు అందనివి చేస్తుంది.

ఇక్కడ ఒక మాట. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ కోసం ఆకాశమార్గంలో కాంతికిరణాలతో రెండు వేల లంకెలు వేస్తామని ఆల్ఫాబెట్‌కు చెందిన ఎక్స్ సంస్థ ప్రకటించింది. అది ఎల్‌ఈడీ దీపం కాదు, గురిపెట్టిన లేజరు కిరణం. ఎదురెదురు స్తంభాలకు కిలోమీటర్ల దూరం, సెకనుకు ఇరవై గిగాబిట్ల దాకా వేగం. రెండూ కాంతే అయినా, మన దీపం టార్చిలైటు, ఆ లేజరు సూదిమొన.

ఇప్పుడు ఆ నిదానపు పనులకు ఉదాహరణగా మన దగ్గరి బెలుం గుహలకు వెళ్దాం. పొడవు 3229 మీటర్లు, పాతాళగంగ దగ్గర 46 మీటర్ల లోతు. సున్నపురాయిని దాటి సెల్ సిగ్నల్ అంత లోపలికి రాదు. దారంతా దీపాలు మాత్రం ఉన్నాయి. ప్రతి దీపం తన నంబరు చెబితే చాలు. ఫోను ఆ నంబరును బట్టి ముందే దించుకున్న వ్యాఖ్యానం వినిపిస్తుంది. 2015లో ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో ఒక కార్ఫూర్ హైపర్‌మార్కెట్లో ఫిలిప్స్ దీపాలు కొనుగోలుదారులకు దారి చూపింది ఇలాగే.

ఫోను కెమెరా బొమ్మను ఒకేసారి కాకుండా గీతగీతగా చదువుతుంది. గీతకు ఇరవై మైక్రోసెకన్లు అనుకుందాం. దీపం సెకనుకు రెండు వేలసార్లు మినికితే, బొమ్మలో సుమారు పన్నెండు గీతల వెలుతురు పట్టీ, పన్నెండు గీతల చీకటి పట్టీ వరుసగా కనిపిస్తాయి. ఒక్కో బిట్టులో సగం వెలుగు, సగం చీకటి ఉండేలా కూర్చాలి. లేకపోతే వరుసగా సున్నలు వచ్చినప్పుడు దీపం మసకబారినట్టు కంటికి తెలిసిపోతుంది. అలా సెకనుకు రెండు వేల బిట్లు వస్తాయి. ముప్పై బిట్ల నంబరు పదిహేను మిల్లీసెకన్లలో చెప్పేయవచ్చు.

ఎక్కడ చెడుతుంది? గుహ చీకటిలో కెమెరా తనంతట తాను ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది. ఆ సమయం పట్టీ వ్యవధికి, అంటే 250 మైక్రోసెకన్లకు, మించిందంటే వెలుగూ చీకటీ కలిసిపోతూ పట్టీలు చెరిగిపోవడం మొదలవుతుంది. తెర మీద పట్టీలు మసకబారడమే దానికి గుర్తు. ఎక్స్‌పోజరు తగ్గిస్తే గోడ నల్లబడుతుంది. అందుకని గోడను కాదు, దీపాన్నే చూడాలి. దీపం తెరలో మూడో వంతే ఆక్రమిస్తే ఏడు మిల్లీసెకన్ల ముక్క, అంటే పద్నాలుగు బిట్లు మాత్రమే దొరుకుతాయి. అందువల్ల దీపం ముందు పాలరంగు పలక పెట్టి దాని మొహం పెద్దది చెయ్యాలి, ఫోను వరస ఫ్రేముల ముక్కలు కలుపుకోవాలి. సందర్శకుడు దగ్గరికి నడవడం మూడో ఉపాయం. గుహలో ఎలాగూ నడవాల్సిందే కదా.

మరి బల్లమీది ఈ సోలార్ పలకను ఆరుబయట ఎండలో పెడితే? మధ్యాహ్నపు ఎండ లక్ష లక్సులు, మన బల్ల మీది వెలుతురుకు 250 రెట్లు. సెన్సారు అక్కడే నిండిపోతుంది, గరగర కూడా పెరుగుతుంది. రాయలసీమ ఎండలో దీపపు మాట ఎవరికీ వినబడదు. గుహ లోపల, ఆ ఎండ పడని చోట, వినబడుతుంది. వైఫై గోడ దాటుతుంది, కాంతి దాటదు. బాగా రద్దీగా ఉండే భవనంలో ఇదే మేలు: పక్క గది దీపం ఈ గది దీపానికి అడ్డు రాదు, అవే రంగులు మళ్లీ వాడుకోవచ్చు. కానీ ఫోను జేబులో ఉంటే సందేశం లేనట్టే, రేడియోకు ఆ బాధ లేదు.

బెలుంలో దీపాల మాట పెట్టాలంటే నేను ముందు అడిగేది ఒకటే: కరెంటు పోతే ఎన్ని దీపాలు బ్యాటరీ మీద నిలుస్తాయి?