మైనపుపోత, ఇసుకపోత



వరంగల్లునకు సమీపమున నున్న యొక గ్రామమునుండి యిద్దఱు పెద్దలు ఒకనాడు మా యింటికి వచ్చి, గుడ్డమూట విప్పి, జేనెడు కంచునందిని నా ముందుంచిరి. "అయ్యా, కాలు బీటవాఱినదని బాగుచేయ నిచ్చితిమి. తిరిగి వచ్చినది మా నందియేనా? చూచి చెప్పుడు" అనిరి. వెనుకటిది పీఠపు గుంటలో బిగువుగా కూర్చుండెడిదట, ఇది కదలుచున్నదట.

ఆ యూరి నంది ఆదిలాబాదు ప్రాంతపు ఓజులు పోసినది. ఉషేగాంవ్, కేస్లాగూడ గ్రామములలో నీ పనివారు నేటికిని గలరు. వారు మొదట మట్టిముద్దను జేసి యెండబెట్టి, దానిపై మైనపు తీగలను దగ్గఱ దగ్గఱగా చుట్టి రూపము తెత్తురు. పైన మెత్తని మట్టి పూసి కాల్చినచో మైనము కరగిపోవును. ఆ ఖాళీలో లోహము పోయుదురు. అచ్చు పగులగొట్టిననే గాని బొమ్మ వెలికి రాదు. కావున నొక యచ్చున కొక్కటే బొమ్మ. మన పెంబర్తి పని వేఱు. అది రేకును కొట్టి తీర్చినది, పోత కాదు.

ఇసుకపోతలో మాదిరి బొమ్మను రెండు పెట్టెల యిసుకలో నొత్తి, పెట్టెలను విడదీసి బొమ్మను తీసివేయుదురు. పెట్టెలు కలిసినచోట లోహము సన్నని గీతగా పొంగును. దాని నాకురాయితో రాచివేయవచ్చును గనుక, గీత లేనంత మాత్రమున నమ్మరాదు.

నేను మొదట మెడపట్టెడ చూచితిని. మైనపుతీగ లోహమైన పిదపను తీగవలెనే గుండ్రముగా నుండి, ప్రక్కల సందు విడిచి యుండును. ఇందు సందులన్నియు పూడిపోయినవి. పిదప ఉలితో గీసి తీగలున్నట్లు భ్రమ గొల్పిరి. ఉలిగీత పదునైన యంచులతో, ఇసుకపోత గరుకుమీదుగా సాగినది.

ఇక చిలుము. ఏండ్ల తరబడి పసుపుచేతులు తాకిన మూపురము నునుపెక్కి మెఱయవలెను. దీనికి మూపురముమీదను, గంగడోలు మడతలలోను ఒకటే పచ్చదనము. తడిగుడ్డతో రుద్దగా ఊడివచ్చినది. నవాసారముతో నిట్టి రంగును కొలది దినములలో దెప్పింపవచ్చును. బాగుచేయ నిచ్చినదానికి చిలుమేల పట్టెనని యొక పెద్ద నవ్వెను.

పొట్టక్రింది రంధ్రమున దీపము చూపితిమి. ఓజుల పనిలో కాలి నల్లబడిన మట్టి మెడలోను, కాళ్లలోను అంటుకొని యుండును. లోహపు మందము మైనపుతీగ మందమే గాన ఇంచుమించు సమముగా నుండును. ఇందు ఒకప్రక్క దళసరి, ఒకప్రక్క పలుచన. లోపలి ఇసుకముద్ద పోతలో జరిగినది. గోకగా ఇసుకరేణువులే రాలినవి.

గుంటలో కదలుటకును కారణము గలదు. కంచు చల్లాఱునప్పుడు నూటికి ఒకటిన్నర మొదలు రెండుపాళ్ల వఱకు కుదియును. పాతనందినే మాదిరిగా నొత్తి పోసిరి గనుక ఇది యంతమేర చిన్నదైనది. పది అంగుళముల పొడవునకు దాదాపు అంగుళములో ఆఱవవంతు. పాతదానినుండి మైనపునకలు తీసి మఱల మైనపుపోతయే పోసినచో పెట్టెల గీత యుండదు గాని, యీ తఱుగు మాత్రము తప్పదు. విగ్రహమును చేయి దాటించుటకు ముందు కొలత వ్రాసి యుంచుడని వారితో ననగా, "మా పీఠమే కొలత యుంచినది గదా" యని లేచిరి.

రెండు వారములకు కబురు వచ్చినది. అసలు నంది గుడికి చేరినది. కాలి బీట మాత్రము అట్లే యున్నది.