కప్పతల్లి పాట
(ఆలయ ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)



వానల కోసం మన పెద్దలు వరుణజపాలు చేయించారు, భారతంలోని విరాటపర్వం చదివించారు. అవి మీకు తెలిసినవే. నేను ఈనాడు మంత్రం నేర్వనివారి ప్రార్థన ఒకటి మనవి చేస్తాను. అది కప్పతల్లి పాట.

మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట పల్లె. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే సీమ అది. ఎర్రనేలలో వేరుసెనగ వేసి ఆకాశం వైపు చూడడమే మా సేద్యం. ఆ పంటకు రెండు వానలు ప్రాణం. మొదటిది విత్తనపు పదునుకు. రెండవది పూత తరువాత ఊడలు దిగే వేళకు. అప్పుడు నేల గట్టిపడితే ఊడ మన్నులోకి చొరలేదు. పైన ఆకు పచ్చగా ఉన్నా, కింద కాయ ఉండదు.

నా పన్నెండవ యేట ఆ మొదటి వానే రాలేదు. ఆషాఢం గడిచింది. చెరువు అడుగు బీటలు వారింది. ఒక ఉదయం పిల్లలమంతా కలిసి బావిగట్టు చెమ్మలో ఒక కప్పను పట్టుకొచ్చాము. పెద్దలు దానిని తడిగుడ్డలో వదులుగా ఉంచి, వేపమండలు చుట్టిన రోకలి నడుమ కట్టారు. ఇద్దరం రోకలిని భుజాలకెత్తుకున్నాము. వెనుక తక్కినవారు పాడుతూ ఇంటింటికీ నడిచారు.

ఆ పాట చాలా చిన్నది. అందులో స్తోత్రం లేదు, వరాల పట్టిక లేదు. కప్పతల్లికి దాహమైంది, కాసిని నీళ్ళు పోయండి అని అడగడమే అందులోని సారం. మా చేను, మా పంట అనే మాటే రాదు. తన దప్పికను పక్కన పెట్టి, అంతకంటె చిన్న ప్రాణి దప్పికను దేవునికి విన్నవించే పాట అది. భూస్వామి వాకిట, కూలివాని గుడిసె ముందు ఒకే విధంగా పాడాలి. ఇల్లాలు వచ్చి కప్ప మీద నీళ్ళు పోసి, చేటలో గింజలు పెడుతుంది. ఆ నీళ్ళకు మరొక ప్రయోజనమూ ఉన్నది. కప్ప చర్మం ఎండితే బ్రతకదు. ప్రతి ఇల్లూ పోసిన నీరే దానిని సాయంత్రం దాకా కాపాడుతుంది.

మా ఇంటి ముందుకు వచ్చేసరికి లోపల ఒక్క బిందె నీళ్ళే ఉన్నాయి. మా అవ్వ నిండు చెంబు ముంచుకొచ్చింది. నేను ఆగలేక, "అవ్వా, మనం తాగేదానికి?" అన్నాను.

"ఒక చెంబు పొయ్యలేని వాళ్ళం, ఆకాశాన్ని చెరువు నిండా అడగడానికి నోరెట్ల వస్తాదిరా?" అని అవ్వ చెంబు వంచింది.

పెద్దవాడనయ్యాక ఋగ్వేదం ఏడవ మండలంలోని 103వ సూక్తం చదివాను. దానిని మండూకసూక్తమంటారు. వసిష్ఠుడు వాన కోరి పర్జన్యుని స్తుతించగా కప్పలు సంతోషించి వంతపాడాయనీ, అందుకే ఆయన వాటిని స్తుతించాడనీ యాస్కుడు నిరుక్తంలో చెప్పాడు. ఎండిన తోలుసంచిలా కొలనులో పడి ఉన్న కప్ప, వాన తాకగానే గొంతెత్తుతుంది. ఏడాదంతా మౌనవ్రతం పట్టిన బ్రాహ్మణులతో ఋషి దానిని పోల్చాడు. అది చదివినప్పుడు నాకు మా అవ్వ చెంబు గుర్తుకు వచ్చింది. మా ఊరి పిల్లల పాటలోనూ, వసిష్ఠుని సూక్తంలోనూ వాన కోసం ఎదురుచూసిన ప్రాణి ఒక్కటే.

ఆ సాయంత్రం కప్పను బావిగట్టు చెమ్మలోనే ప్రాణాలతో వదిలాము. దానికి హాని జరిగితే చేసిన పూజంతా వ్యర్థమని పెద్దల కట్టడి. వచ్చిన గింజలు వండి అందరం కలిసి తిన్నాము.

మరునాడు వాన కురిసిందని చెబితే మీకు ఆనందమే, కాని అది అబద్ధమవుతుంది. కురవలేదు. తరువాతి వారం మళ్ళీ పాడాము. అప్పుడూ లేదు. శ్రావణం చివర ఒక రాత్రి వాన దిగింది. అప్పటికి వేరుసెనగ అదును దాటిపోయింది. మా నాయన అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. అవ్వ లోపలికి వెళ్ళి, బూడిద కలిపి దాచిన ఉలవల కుండ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఉలవలు ఆలస్యంగా వేసినా, కొద్ది తేమతో పండుతాయి. తెల్లవారేసరికి మా గొర్రు చేలో ఉన్నది. ఆ యేడు అప్పు తీరలేదు. అయినా మనుషులకు గుగ్గిళ్ళు, ఎద్దులకు పొట్టు మిగిలాయి.

పాడిన నాడే అవ్వ ఆ కుండను దించి, పురుగు పట్టిందేమోనని చూసుకున్నదట. ఆ సంగతి అమ్మ తరువాత చెప్పింది. వాన ఎప్పుడు వస్తుందో దేవుని చిత్తం. వచ్చిన నాటికి చేతిలో విత్తనం ఉంచుకోవడం మన వంతు. ఆమె ప్రార్థన ఆ రెండూ కలిసినది.

స్వస్తి.